పెట్రోలు బండిలో డీజిల్ పడితే

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా మేనల్లుడు ఫోను చేశాడు. "మామా, తుళ్జాపూర్ రోడ్డు మీద బండి ఆగిపోయింది. దేవి దర్శనానికి పోయే కిరాయి ఎక్కించుకున్న, ఏం చెయ్యాలె?"

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారు. ఇంకా పది కిస్తీలున్నాయి. ఎట్లా ఆగిందిరా అంటే చెప్పాడు: పంపు దాటాక కిలోమీటరున్నర బాగానే పోయిందట. తర్వాత గుంజుకుంటూ నడిచి, యాక్సిలరేటరు తొక్కినా లాగక, వెనక తెల్లపొగ వదిలి ఆగిందట.

"బిల్లు చూడు" అన్నాను. ఇరవై లీటర్లు, డీజిల్ అని ఉంది. ఆ మోడలు డీజిల్‌లో కూడా వచ్చింది, పంపు పోరగాడు అదే అనుకున్నాడు. మావాడేమో ఫోనులో ఉన్నాడు.

మొదట బాగా నడిచిందంటే, పైపులో పాత పెట్రోలు మిగిలి ఉంది కాబట్టి. పెట్రోలు తొందరగా ఆవిరై స్పార్కుకు అంటుకుంటుంది. డీజిల్ అట్లా ఆవిరి కాదు. దాని ఇంజన్లో గాలిని బాగా నొక్కి వేడి చేస్తే, ఆ వేడికే మండుతుంది. పెట్రోలు ఇంజన్లో అంత నొక్కుడు ఉండదు. అందుకే డీజిల్ సగం మండీ మండక పొగ అవుతుంది, మిగిలింది ప్లగ్గులను తడిపేస్తుంది.

ట్యాంకులో పాత పెట్రోలు అయిదు లీటర్లే. ఇరవై లీటర్ల డీజిల్ మీద ఇంకా పెట్రోలు పోస్తే నడుస్తుందన్న ఆశ లేదు. మావాడు మాత్రం నాకు ఫోను చేసేలోపే ఐదారుసార్లు సెల్ఫు కొట్టాడు. అదే పని పెంచింది. కొట్టినకొద్దీ ఇంజన్లోకి డీజిల్ పోతుంది, కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది.

కిరాయి వాళ్లను వేరే బండిలో పంపించి, టెంపోకు తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. ట్యాంకులోది ఒక చుక్క కాగితం మీద వేశాను. పెట్రోలయితే కాసేపట్లో ఆరిపోతుంది, ఇది జిడ్డు మచ్చ వదిలింది. ట్యాంకు ఖాళీ చేసి, లీటరు పెట్రోలుతో రెండుసార్లు కడిగాను. పైపు ఊది, ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు, ప్లగ్గులు శుభ్రం చేశాను. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు మట్టం పెరిగి డీజిల్ వాసన కొట్టింది. అదీ మార్చాను. స్టార్టు చేస్తే కాసేపు పొగ వచ్చి, తేటపడింది. రెండు రోజుల కిరాయి పోయింది, ఇంజన్ దక్కింది.

డీజిల్ బండిలో పెట్రోలు పడితే ఇంత సులువుగా పోదు. అక్కడ హైప్రెషర్ పంపుకు డీజిలే నూనె. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు, లోపల ఇనుము ఇనుమును అరగదీసి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. అందుకని తాళం కూడా తిప్పకుండా, న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోసెయ్యాలి.

ఇప్పుడు మావాడి ట్యాంకు మూత మీద ఎర్ర రంగుతో 'పెట్రోలు' అని ఉంది. మరాఠీలో కూడా రాయించాను.