మేనేజరుకి అర్థం కాకపోతే తప్పెవరిది?

"మా మేనేజరుకి అనలిటిక్స్ ఓనమాలు రావండీ" అని క్యాంటీన్లో వాపోయేవాళ్ళు ప్రతి కంపెనీలోనూ ఉంటారు. మొన్నటిదాకా నేనూ ఆ బ్యాచే. ఇప్పుడు ప్లేటు ఫిరాయించాను. తప్పు ఆయనది కాదు, మన రిపోర్టుది.

మా ప్రొడక్టు ఎలా వాడాలో చూపించే వీడియోలు వారానికొకటి యూట్యూబులో పెడతాం. ప్రతి సోమవారం పన్నెండు కాలమ్‌ల ఎక్సెల్ షీటు పంపేవాణ్ణి. ఇంప్రెషన్లు, సీటీఆర్, యావరేజ్ వ్యూ డ్యూరేషన్, ఇంకా ఏవేవో. ఆయనకి అర్థమయ్యేది ఒక్కటే, మొత్తం వ్యూస్. ఒక వారం అది 4,200 నుంచి 6,100కి పెరిగింది. "ఇలాంటివే ఇంకో నాలుగు చెయ్యండయ్యా" అన్నారు. వాటికోసం మా కుర్రాడు రెండు శనివారాలు తగలేశాడు. తీరా చూస్తే పెరిగిందంతా రెండు షార్ట్స్ వల్ల! 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు, యూట్యూబు ఒక వ్యూ లెక్కేస్తోంది. ఆ వారం అసలు ట్యుటోరియల్ చతికిలబడింది. ఆ ముక్క నా షీటులో తొమ్మిదో కాలమ్‌లో ఉంది. ఉంది కదా అని నేను చేతులు దులుపుకున్నాను. నిజం చెప్పాలంటే అర్థం కాని రిపోర్టు మనకి కవచం. రేపేదైనా అయితే "అందులో రాశాను కదా సార్" అనొచ్చు.

ఇప్పుడు పంపేది ఇంతే:

"కొత్త వీడియోకి మొదటి ఏడు రోజుల్లో 640 వ్యూస్ వచ్చాయి, మామూలుగా 900 వస్తాయి. వంద మంది మొదలుపెడితే అరనిమిషానికి 41 మంది మిగిలారు, మామూలుగా 62. మొదటి పాతిక సెకన్లూ లోగో, నమస్కారాలే. అందువల్లేనని నా అనుమానం. తీసేసి చూద్దామా?"

కష్టమంతా ఆ "మామూలుగా" అన్న మాటలోనే ఉంది. రెండేళ్ళ పాత వీడియో మొత్తం వ్యూస్‌తో వారం పసికందుని పోల్చకూడదు. గత పది ట్యుటోరియల్స్‌కి, ఒక్కోదాని మొదటి ఏడు రోజుల వ్యూస్ మాత్రమే తీసి, నడిమి అంకె పట్టుకుంటాను:

```
=MEDIAN(C2:C11)
```

సగటు ఎందుకు కాదంటే, ఆ పదింట్లో ఒకదాన్ని ఎవరో షేర్ చేస్తే 9,000 దాటింది. సగటు తీస్తే మిగతా తొమ్మిదీ ఫెయిలైనట్టే కనిపిస్తాయి. అరనిమిషం అంకె స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫు దగ్గర దొరుకుతుంది. అక్కడ చివరి ఒకటి రెండు రోజుల లెక్కలు ఆలస్యంగా చేరతాయి. అందుకే గురువారం పెట్టిన వీడియో గురించి, వారం నిండాక వచ్చే సోమవారమే రాస్తాను.

"సీటీఆర్ లేని రిపోర్టా!" అని మా టీములో ఒకాయన వెటకారం. యూట్యూబు మన వీడియోని బొత్తిగా కొత్తవాళ్ళకి చూపించడం మొదలుపెడితే సీటీఆర్ పడిపోతుంది. అంటే మంచి జరుగుతున్నా అంకె తగ్గొచ్చు. ఇదంతా వివరించాల్సిన అంకెని ఆయన నెత్తిన ఎందుకు రుద్దడం? అది నా షీటులో ఉంటే చాలు.

మొదటిసారి ఇలా పంపినప్పుడు పది నిమిషాల్లో జవాబొచ్చింది. మూడేళ్ళలో అదే మొదటిసారి. "తీసేయండి. ఆ లోగో మ్యూజిక్ నేనే సెలెక్ట్ చేశానయ్యా, పర్లేదు."