దూరానికి ఆనే బొమ్మ

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం 100 మీటర్లను 6 సెకన్లలో దాటేస్తుంది కనుక, హోర్డింగు బొమ్మ కోసం ఏఐకి ఇచ్చే ప్రాంప్టులో, అంటే రాతపూర్వక సూచనలో, ఒక్క భావానికే చోటుంటుంది. మామిడి రసం ప్రకటనకు తోటనూ రైతునూ పిల్లలనూ కలిపి అడిగితే దూరానికి అన్నీ కలగాపులగమవుతాయి. “ముదురు నీలం నేపథ్యం, ఎడమవైపు స్ట్రా గుచ్చిన ఒకే పెద్ద పసుపు మామిడిపండు, చదునైన రంగులు, కుడి సగం ఖాళీ” అంటే చాలు. దూరానికి బొమ్మ ఆనాలంటే కాంట్రాస్టు కావాలి, కాంట్రాస్టు అంటే రంగుల తేడా మాత్రమే కాదు, ప్రధానంగా వెలుగునీడల తేడా. అందుకే ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన ఎంత కొట్టొచ్చినట్లున్నా, బొమ్మను తపాలా బిళ్లంత చేసి రంగులు తీసేస్తే తరచూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి, పసుపు మామిడి మాత్రం నీలం మీద తెల్లగా నిలుస్తుంది. తెలుగు వత్తులను ఏఐ బొమ్మల సాధనాలు తరచూ చెడగొడతాయి కనుక, అక్షరాలను ఆ కుడి ఖాళీలో డిజైనరే విడిగా పేర్చడం మేలు.