90 సెకన్ల నిబంధన ఉన్నా 20 నిమిషాల నిరీక్షణ ఎందుకు?

కస్టమర్ కేర్ మీద వచ్చే మీమ్స్‌లో ఎక్కువ వాటిది ఒకటే కథ. ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్న మనిషి, పక్క ఫ్రేములో అదే భంగిమలో అస్థిపంజరం. తెలుగు మీమ్ పేజీల్లో ఆ అస్థిపంజరం స్థానాన్ని బ్రహ్మానందం ముఖం ఆక్రమిస్తుంది. కింద శీర్షిక మాత్రం మారదు: 'మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం'. చూసినవాళ్లంతా నవ్వుతారు, ఎందుకంటే అందరూ ఆ క్యూలో నిలబడినవాళ్లే. అయితే ఈ నిరీక్షణకు నిబంధన లేదనుకుంటే పొరపాటు. ఉంది. అదెలా లెక్కిస్తారన్నదే అసలు విషయం.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం ప్రకారం, కాల్ సెంటర్‌కు వచ్చే కాల్స్‌లో 95 శాతానికి 90 సెకన్లలోపు ఆపరేటర్ జవాబివ్వాలి. చదవడానికి కఠినంగానే ఉంది. కానీ ఈ 90 సెకన్లు నంబర్ డయల్ చేసినప్పటి నుంచి కాదు, ఆపరేటర్‌తో మాట్లాడే ఆప్షన్‌ను నొక్కినప్పటి నుంచి మొదలవుతాయి. ఆ మీట దాకా చేరే దారి లెక్కలోకి రాదు. దారి మరీ పొడవు కాకుండా 2012 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో ట్రాయ్ ఒక క్రమం పెట్టింది. మొదటి మెనూలో భాష, రెండో మెనూలో ఫిర్యాదా సేవా అన్న విభజన, మూడో మెనూలో వాటి వివరాలు, అక్కడే మనిషితో మాట్లాడే అవకాశం. మెట్లు మూడే. ఒక్కో మెట్టు మీద ఎంతసేపు నిలబెడతారన్నది వేరే సంగతి.

ఒక కాల్‌ను ఊహించుకుందాం. అడగని సర్వీసు ఏదో మొదలై బ్యాలెన్స్‌లో 49 రూపాయలు పోయాయి. చందాదారు ఫోన్ చేస్తే ముందు కొత్త రీచార్జ్ ఆఫర్ వినిపిస్తుంది. తర్వాత భాష, తర్వాత విభాగం, తర్వాత ఉపవిభాగం. ఒకసారి తప్పు అంకె నొక్కితే మళ్లీ మొదటికి. నాలుగు నిమిషాలకు మనిషి కావాలన్న అంకె దొరికింది. 70 సెకన్లు సంగీతం విన్నాక ఏజెంట్ పలికారు. గడువులోపే జవాబు వచ్చింది కాబట్టి ప్రమాణం నెరవేరినట్టే. ఏజెంట్ మాత్రం "ఇది వేరే టీమ్ చూస్తుందండీ, లైన్‌లో ఉండండి" అన్నారు. మళ్లీ సంగీతం, మళ్లీ అదే పేరు, అదే నంబర్, అదే కథ. ఇరవయ్యో నిమిషంలో లైన్ కట్. ఆ ప్రమాణం కొలిచేది ఎంత త్వరగా ఫోన్ ఎత్తారన్నది. 49 రూపాయలు తిరిగొచ్చాయా అన్నది కాదు.

మీమ్స్‌లో విలన్ సాధారణంగా ఏజెంటే. ఇది కొంచెం అన్యాయం. కాల్ సెంటర్లలో ఒక్కో కాల్‌కు సగటున ఎంత సమయం పట్టిందన్నది పనితీరుకు ఒక ముఖ్యమైన కొలత. చిక్కు సమస్యతో పదిహేను నిమిషాలు కుస్తీ పడితే ఆ సగటు పాడవుతుంది, రెండు నిమిషాల్లో వేరే విభాగానికి బదిలీ చేస్తే బాగుంటుంది. పైగా రీఫండ్ ఇచ్చే అధికారం చాలాసార్లు ఫోన్ ఎత్తిన మనిషి చేతిలో ఉండదు.

టెలికాంలో ఈ వలయాన్ని తెంచే చిన్న ఆయుధం డాకెట్ నంబర్. ఫిర్యాదు నమోదైతే ఆ నంబర్ ఎస్సెమ్మెస్‌లో రావాలి. రాలేదంటే ఇరవై నిమిషాలు మాట్లాడినా అది ఫిర్యాదు కింద నమోదు కాలేదని అనుమానించాల్సిందే. నంబర్ ఉంటే, పరిష్కారం నచ్చనప్పుడు అదే కంపెనీలోని అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.

బ్యాంకుల దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా ఖాతాలో డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం ఉండదని ఆర్బీఐ 2017 జులైలోనే చెప్పింది. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత భారం ఖాతాదారుదే. అంటే ఇక్కడ హోల్డ్ సంగీతానికి రూపాయల్లో ధర ఉంది.

విసిగినవాళ్లు చేసే పని మరింత ప్రమాదకరం. లైన్ కట్ చేసి, ఆ బ్యాంకు కస్టమర్ కేర్ నంబర్ కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతారు. మోసగాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు కాచుకుని ఉండేది అక్కడే. ఆ నంబర్‌కు మెనూలు ఉండవు, సంగీతం ఉండదు, మొదటి రింగుకే మర్యాదగా మనిషి పలుకుతాడు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటాడు, ఓటీపీ అడుగుతాడు. అధికారిక లైన్ ఎంత విసిగిస్తే ఈ నకిలీ లైన్‌కు అంత గిరాకీ.

ఇలాంటప్పుడు పనికొచ్చే దారి ఆర్బీఐ 2017 ఆదేశంలోనే ఉంది. లావాదేవీ అలర్ట్‌గా వచ్చిన ఎస్సెమ్మెస్‌కు, ఈమెయిల్‌కు నేరుగా జవాబిచ్చి అభ్యంతరం చెప్పే వీలు బ్యాంకులు కల్పించాలి, ఆ సందేశాల తేదీ, సమయం నమోదు చేయాలి. ఫోన్ నంబరే కావాలంటే కార్డు వెనుక ముద్రించి ఉంటుంది. డబ్బు అప్పటికే పోయుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి. ఆ డబ్బు మరో ఖాతాకు మారేలోపు ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.