‘మానేయండి’ అంటే సరిపోదు, ఎలా మానాలో కూడా రాయండి



పోయిన వారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో నిద్రమాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏళ్ల తరబడి వాడితే మతిమరుపు, పగటిపూట మత్తు, రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరగడం లాంటి ముప్పులుంటాయని రాశారు. అది నిజమే, అరవై దాటినవాళ్ల విషయంలో మరీ నిజం. నా అభ్యంతరమంతా చివరి వాక్యం మీద. ‘ఈ రోజే ఆ మాత్రల్ని చెత్తబుట్టలో పడేయండి’ అని ముగించారు. హనుమకొండలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుగా చెబుతున్నాను, ఏళ్లుగా రోజూ వేసుకుంటున్న మనిషి ఆ మాట పట్టుకుని ఈ రాత్రే మానేస్తే ప్రమాదంలో పడతారు. కొందరికి అది ప్రాణం మీదికి కూడా వస్తుంది.

మన దగ్గర ఎక్కువగా వాడేవి అల్ప్రజోలం, క్లోనజెపం, లోరజెపం, డయజెపం. వీటిని బెంజోడయజెపిన్లు అంటారు. జోల్పిడెం కూడా మెదడులో దాదాపు ఇలాగే పనిచేస్తుంది. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని ఇవి పెంచుతాయి. రోజూ బయటి నుంచి ఆ బలం అందుతుంటే మెదడు ఊరుకోదు, తన సొంత శాంతపరిచే ఏర్పాటును తగ్గించుకుని, మేల్కొల్పే వైపును పెంచుకుంటుంది. ఒక తలుపును ఇద్దరు అటూ ఇటూ సమానంగా నెడుతున్నారనుకోండి, వాళ్లలో ఒకరు హఠాత్తుగా తప్పుకుంటే రెండోవాళ్లు తలుపుతో సహా ముందుకు పడతారు. మాత్ర ఒక్కసారిగా ఆగినప్పుడు జరిగేది అదే. మెదడు మళ్లీ సర్దుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మా షాపుకు చాలాకాలంగా వచ్చే ఒక రిటైర్డ్ టీచరు గారి సంగతి చెబుతాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. భర్త పోయిన దుఃఖంలో నిద్ర పట్టక బాధపడుతుంటే డాక్టరు అల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములు కొన్ని వారాలకని రాశారు. ఆ కొన్ని వారాలు ఏడేళ్లయ్యాయి. ఒకసారి బాత్రూమ్‌లో పడబోయి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. అది చూసి కొడుకు భయపడి స్ట్రిప్పులన్నీ పారేశాడు. మొదటి రాత్రి కన్ను మూతపడలేదు. రెండో రోజుకు చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, గుండె దడ, కుక్కర్ విజిల్ వేసినా ఉలికిపాటు. మూడో రాత్రి కాస్త కునుకు పట్టినా భయంకరమైన కలలు. నాలుగో రోజు మళ్లీ మాత్ర తెప్పించుకుని వేసుకోగానే హాయిగా నిద్రపోయారు. ఆవిడకు, ఇంట్లో అందరికీ అర్థమైంది ఒక్కటే: ‘అమ్మకు ఆ మాత్ర లేకపోతే నిద్రే రాదు.’

ఆ తీర్మానం తప్పు. లక్షల మందిని ఏళ్లకేళ్లు మాత్రకు కట్టిపడేస్తున్నది ఈ తీర్మానమే. ఆ మూడు రాత్రులు ఆవిడ పాత నిద్రలేమి తిరిగి వచ్చినవి కావు. మాత్ర హఠాత్తుగా ఆగినందుకు మెదడు ఎదురు తిరిగిన రాత్రులవి. దీన్ని రీబౌండ్ నిద్రలేమి అంటారు. మాత్ర మొదలుపెట్టక ముందున్న నిద్రలేమి కంటే ఇది తీవ్రంగా ఉంటుంది. ఆపిన లేదా తగ్గించిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, చాలామందిలో కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. పాత జబ్బు మళ్లీ వస్తే ఇంత హఠాత్తుగా విరుచుకుపడదు, మెల్లగా వచ్చి నిలబడిపోతుంది. వణుకు, చెమట, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం కూడా తోడైతే అది మందు ఆగినందుకు శరీరం పడే బాధేనని అనుమానించాలి.

ఆవిడను నేను సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన మొదట చేసిన పని తగ్గించడం కాదు. పాత మోతాదు మీదే రెండు వారాలు నిలకడగా ఉంచారు. తరవాత 0.5 మాత్ర బదులు 0.25 మాత్రలు రెండు రాశారు. మొదటి మెట్టులో రెండో మాత్రలో పావు తీసేసి మిగతాది వేసుకోవాలి. అంటే పన్నెండున్నర శాతం తగ్గింపు. మూడు వారాలు ఆగి ఇంకో పావు, మళ్లీ మూడు వారాలకు ఇంకో పావు. ఇలా నాలుగు మెట్లలో ఆవిడ 0.25కు దిగారు. అక్కడి నుంచి పావు తీసినా పెద్ద దెబ్బే, ఎందుకంటే మోతాదు తగ్గేకొద్దీ అదే పావు ముక్క ఎక్కువ శాతం అవుతుంది. అందుకని డాక్టరు ఆ మోతాదుకు దాదాపు సమానమైన డయజెపం 5 మిల్లీగ్రాములకు మార్చారు. డయజెపం ఒంట్లో నుంచి చాలా నెమ్మదిగా పోతుంది, అర మిల్లీగ్రాము చొప్పున తగ్గించడానికి 2 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసుకుంటే చాలు. పెద్దవాళ్లలో ఇది ఒంట్లో పేరుకుపోయి పగలు మత్తుగా ఉంచే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఈ మార్పు అందరికీ తగదు. ఎవరికి తగునో తేల్చాల్సింది డాక్టరే. చివరి మెట్ల దగ్గర ఆయన గడువు నెలకు పెంచారు. మొత్తం కలిపి దాదాపు ఏడాది పట్టింది.

ఇందులో ఆ డాక్టరు సొంత చాదస్తమేమీ లేదు. 2025లో అమెరికన్ సొసైటీ ఆఫ్ అడిక్షన్ మెడిసిన్ మరికొన్ని వైద్యసంఘాలతో కలిసి వెలువరించిన మార్గదర్శకాలు మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించడం గురించి ఆలోచించమంటాయి. రెండు వారాల్లో 25 శాతం మించి తగ్గించడం సాధారణంగా వద్దంటాయి. ఇంకా ముఖ్యంగా, తేదీలను బట్టి కాకుండా రోగి తట్టుకునే తీరును బట్టి నడవమంటాయి.

టీచరు గారికి మూడో మెట్టు దగ్గర అయిదారు రాత్రులు కష్టంగా గడిచాయి. అప్పుడు ఆవిడ మోతాదు పెంచుకోలేదు, కిందికీ దిగలేదు. అక్కడే ఇంకో రెండు వారాలు ఆగారు, నిద్ర కుదుటపడింది. మెట్టు మీద ఆగడం ఓటమి కాదని డాక్టరు ముందే చెప్పి ఉంచడం ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను.

షాపులో నాకు తరచూ కనిపించే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది, రోజు విడిచి రోజు వేసుకోవడం. తగ్గిస్తున్నామనే అనుకుంటారు, కానీ అల్ప్రజోలం లాంటి త్వరగా దిగిపోయే మందుతో మాత్ర లేని ప్రతి రాత్రీ చిన్న రీబౌండ్ రాత్రే అవుతుంది. మాత్ర లేకపోతే నరకం అన్న పాఠమే మెదడుకు పదేపదే అందుతుంది. తగ్గించిన మోతాదును రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. రెండోది, ఎస్ఆర్, సీఆర్, ఎక్స్ఆర్ అని రాసి ఉన్న మాత్రల్ని ముక్కలు చేయడం. అవి మందును నెమ్మదిగా వదిలేలా తయారుచేసినవి, విరిస్తే ఆ ఏర్పాటు చెడిపోతుంది. మామూలు మాత్రల్ని కూడా కత్తిపీట మీద కాకుండా మాత్రలు కోసే చిన్న డబ్బాతో కోయాలి. అది మందుల షాపుల్లో దొరుకుతుంది.

మందు తగ్గించడం ఎంత ముఖ్యమో నిద్ర వేళల్ని సరిచేయడం కూడా అంతే ముఖ్యం. టీచరు గారు తొమ్మిదికే పడుకుని పన్నెండు దాకా పక్క మీద దొర్లేవారు. పదకొండున్నరకు ముందు మంచం ఎక్కవద్దని, రాత్రి ఎలా గడిచినా ఉదయం అయిదున్నరకు లేవాలని, ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి కుర్చీలో కూర్చోవాలని డాక్టరు చెప్పారు. నిద్ర నిలకడగా వస్తున్న కొద్దీ మంచం మీద గడిపే సమయాన్ని కాస్త కాస్త పెంచారు. దీన్ని సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాలిక నిద్రలేమికి వైద్యులు మాత్ర కంటే ముందు సూచించాల్సింది ఇదే. మాత్ర స్థానంలో మందు చుక్కో, జలుబు, అలర్జీ బిళ్లో చేర్చుకుంటే మాత్రం ఒక ముప్పు పోయి ఇంకో ముప్పు వస్తుంది.

హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో తెలంగాణకు వేరే దేశం నుంచి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. కల్లులో కలిపేది అల్ప్రజోలం, డయజెపం లాంటివే. కల్లు దుకాణం మూతపడిన రోజున వాళ్ల మాత్ర కూడా ఆగిపోయింది. అందుకే రోజూ కల్లో, సారాయో తాగేవాళ్లు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, రోజుకు నాలుగైదు మాత్రలు మింగేవాళ్లు, గర్భిణులు ఇంట్లో సొంతంగా తగ్గించే ప్రయత్నం అసలే చేయకూడదు. మూర్ఛ జబ్బుకు క్లోనజెపం వాడేవాళ్లు దాన్ని నిద్రమాత్ర అనుకుని ముట్టుకోకూడదు. తగ్గించే ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, మాట తడబడి అయోమయంలో పడినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా అది ఓర్చుకోవాల్సిన రీబౌండ్ కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంత చెప్పాక, ఒక పత్రిక ఈ విషయంలో ఏం చేయగలదన్న ప్రశ్నకు కెనడాలోని క్యూబెక్‌లో జరిగిన ప్రయోగం జవాబిస్తుంది. 65 దాటి, చాలాకాలంగా ఈ మాత్రలు వాడుతున్నవాళ్లకు మందుల షాపుల ద్వారా ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ముప్పులేమిటో చెప్పి, వారం వారం ఎంత మాత్ర వేసుకోవాలో నిండు, సగం, పావు మాత్రల బొమ్మలతో చూపించి, డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో మాట్లాడాకే మొదలుపెట్టమన్నారు. ఆరు నెలల్లో ఆ పుస్తకం అందుకున్నవాళ్లలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. అందనివాళ్లలో మానేసింది 5 శాతమే. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. భయపెట్టే వాక్యంతో పాటు మెట్ల బొమ్మ కూడా చేతికిస్తే జనం దిగగలరు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. వచ్చే వారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపవద్దని సవరణ వేయండి. ఒక సైకియాట్రిస్టు చేత తగ్గింపు పద్ధతి రాయించి, బొమ్మతో అచ్చువేయండి. దగ్గర్లో సైకియాట్రిస్టు లేనివాళ్లు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో అడగవచ్చని, టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చని కూడా కింద వేయండి.

నా తోటి ఫార్మసిస్టులకూ ఒక మాట. అల్ప్రజోలం, డయజెపం, జోల్పిడెం హెచ్1 షెడ్యూల్ మందులు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినవి వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అది పాటించాల్సిందే. కానీ ఏళ్లుగా పాత చీటీ చూపించి కొంటున్న పెద్దాయనకు ఒకరోజు ‘లేదు’ అని తలుపు వేస్తే మనమే ఆయన చేత ఒక్కసారిగా మాన్పించినట్టు. ఆ రోజే ఆయన్ని, వీలైతే ఇంట్లోవాళ్లను కూడా పిలిచి, డాక్టరు దగ్గరికి పంపండి. ఎన్నాళ్లుగా, ఎంత మోతాదు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. తగ్గింపు లెక్క మొదలయ్యేది ఆ కాగితం నుంచే.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
హనుమకొండ