మిత్తికి మిత్తి కాదు, ముందు కోతే అసలు బరువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో అప్పు మాట వచ్చినప్పుడల్లా ఒక ధీమా వినిపిస్తుంది: “రెండు రూపాయల మిత్తి. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. మిత్తికి మిత్తి వేస్తలేడు కదా, ఇంక భయమేంది?” చక్రవడ్డీ ఒక్కటే దయ్యమని, బారువడ్డీ అంటే నిజాయితీ అని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. దాని చాటునే రైతు జేబు ఖాళీ అవుతోంది.

ముందు చక్రవడ్డీ భయం సంగతి చూద్దాం. లక్ష రూపాయలకు ఏడాదికి 24 శాతం అన్నది చెప్పిన రేటు. వడ్డీని ఏడాదికోసారి కలిపితే 24,000 అవుతుంది. నెలనెలా అసలులో కలుపుతూ పోతే (1 + 0.24/12)^12 − 1 లెక్కన 26,824. అంటే చెప్పింది 24 శాతం, వాస్తవ వార్షిక రేటు 26.82 శాతం. మరి రోజూ కలిపితే? సుమారు 27,115. క్షణం కూడా ఆగకుండా నిరంతరం కలిపితే? e^0.24 − 1, అంటే 27,125. నెలవారీకీ నిరంతరానికీ మధ్య లక్షకు ఏడాదికి తేడా మూడు వందల రూపాయలే. ఎంత తరచుగా కలిపినా ఒక హద్దు దాటదని 1683లోనే జాకబ్ బెర్నౌలీ అనే స్విస్ గణితజ్ఞుడు గమనించాడు. నూటికి నూరు వడ్డీని ఎన్ని ముక్కలు చేసి కలిపినా ఏడాది చివర రూపాయి సుమారు 2.718 రూపాయల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి “రోజువారీ చక్రవడ్డీ” అనగానే గుండె జారవలసిన పని లేదు.

ఇప్పుడు నిజాయితీ అనిపించుకుంటున్న బారువడ్డీ దగ్గరికి వద్దాం. లక్షకు నోటు రాయించుకుని, మొదటి నెల మిత్తి రెండు వేలు పట్టుకుని 98,000 చేతిలో పెట్టారనుకోండి. ఆ తర్వాత పదకొండు నెలలు నెలకు రెండు వేల చొప్పున మిత్తి, పన్నెండో నెల చివర అసలు లక్ష. మిత్తికి మిత్తి ఎక్కడా లేదు. కానీ ప్రతి నెల మిత్తీ ఆ నెల మొదట్లోనే వాళ్ల చేతికి పోతోంది. 98 రూపాయలకు నెలకు రెండు రూపాయలు, అంటే 2.04 శాతం. ఏడాదికి వాస్తవ రేటు 27.43 శాతం. క్షణక్షణం చక్రవడ్డీ వేసే వాడి 27.12 శాతం కంటే ఇది ఎక్కువ! బారువడ్డీ వాడు నెల చివర మిత్తి కట్టించుకున్నా అతని వాస్తవ రాబడి 24 కాదు, 26.82 శాతం, ఎందుకంటే వచ్చిన మిత్తిని అతడు మళ్లీ మరొకరికి అప్పిస్తాడు. అసలు, మిత్తి అన్నీ చివర్లో ఒకేసారి కట్టే అప్పులోనే బారువడ్డీ నిజంగా చవక.

గద్వాల పత్తి విత్తన సాగులో మిత్తి చివర్లోనే కట్టినా, డబ్బు ఎప్పుడు చేతికొచ్చిందన్న లెక్క మరింత కీలకం. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అతడే ఇస్తాడు, పంట డబ్బులో పట్టుకుంటాడు. మగ మొక్కల పూల పుప్పొడితో చేతి సంకరణ కూలికి ఖర్చు విపరీతం. విత్తనం అప్పగించాక జన్యు స్వచ్ఛత పరీక్ష ఫలితం వచ్చేదాకా రైతుకు లెక్క తేలదు. ఉదాహరణకు, జూన్‌లో లక్షకు నోటు రాసి, యాభై వేలు అప్పుడు, మిగతా యాభై వేలు సెప్టెంబర్‌లో ఇచ్చారనుకుందాం. వచ్చే ఏడాది ఆగస్టులో లెక్క తేలింది. జూన్ నుంచి మొత్తం లక్షకూ రెండు రూపాయలంటే పద్నాలుగు నెలలకు 28,000. కానీ రైతు వాడుకున్నది యాభై వేలు పద్నాలుగు నెలలు, యాభై వేలు పదకొండు నెలలు. ఆ లెక్కన మిత్తి రెండు రూపాయలు కాదు, నూటికి నెలకు 2.24. బారువడ్డీయే, నోటు మీద రేటూ సరైనదే, భారం మాత్రం పన్నెండు శాతం పెరిగింది. పరీక్ష ఫలితం ఆలస్యమైతే మిత్తి నెలలూ పెరుగుతాయి, ఆ ఆలస్యం రైతు తప్పు కాదు.

చెప్పిన రేటుతో అప్పు పోల్చకూడదన్నది రిజర్వు బ్యాంకు కూడా ఒప్పుకుంది. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రిటైల్ అప్పులకు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. కోతలు పోను చేతికొచ్చిన మొత్తం మీద లెక్కగట్టిన వార్షిక రేటు అందులో ఉండాలి. ఊరి షావుకారుకూ ఆర్గనైజర్‌కూ ఆ పత్రం లేదు.

అందుకే నోటు మీద సంతకం చేసే ముందు ఆ పత్రం పని మీరే చేయండి. రేటు అడగడంతో ఆగకండి. చేతికొచ్చిన ప్రతి మొత్తాన్నీ దాని తేదీతో సహా నోటు మీద రాయించండి. మిత్తి ఆ తేదీల నుంచే నడవాలని పట్టుబట్టండి.