స్లైడింగ్ డోర్ ఛానెల్‌లో ముందే నీళ్లు పోయొద్దు

బాల్కనీ స్లైడింగ్ డోర్ కింద ఛానెల్ ఎప్పుడైనా వంగి చూశారా? తొలకరికి లైటు చుట్టూ మూగిన ఉసిళ్ల రెక్కలు, చచ్చిన దోమలు, రోడ్డు దుమ్ము అన్నీ అందులోనే. మా అత్తయ్య "మగ్గు నీళ్లు కొట్టు, అదే పోతుంది" అంటారు. నేను ఒప్పుకోను. దుమ్ము తడిస్తే బురదవుతుంది. ఆ బురద రెక్కలతో కలిసి, ఛానెల్ బయటివైపు ఉండే చిన్న రంధ్రాల్లో గట్టిపడుతుంది. వాన నీళ్లు బయటికి పోవాల్సింది వాటిలోంచే. అవి మూసుకుపోతే నీళ్లు నిండి హాల్లోకి పొర్లుతాయి. తలుపే పాడైందనుకుని మేస్త్రీని పిలిచేవాళ్లూ ఉన్నారు!

అందుకే ముందు పొడిగానే. పాత టూత్‌బ్రష్‌తో మూలల్లోంచి మట్టి గీకి, వాక్యూమ్ క్లీనర్ సన్నమూతితో లాగేయాలి. అది లేకపోతే పెయింట్ బ్రష్‌తో చేటలోకి ఊడ్చినా చాలు. మిగిలిన జిడ్డుకు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పాత గుడ్డ. రంధ్రాల్లో చీపురుపుల్ల దూర్చి తిప్పండి.

ఇప్పుడు పోయండి నీళ్లు, ఒక్క గ్లాసు. బయటికి కారిపోతే సరే, నిలిచిపోతే లోపల ఇంకా మట్టి ఉన్నట్టే. మాది మూడో అంతస్తు, కింద వాళ్లు బట్టలు ఆరేశారేమో చూశాకే పోస్తాను.