ఆ రాత్రి గడియ పెట్టకండి



ఉప్పల్ రింగ్‌రోడ్డు సిగ్నల్ దగ్గర చప్పట్లు చరుస్తూ వచ్చే హిజ్రాకు పది రూపాయలిచ్చి, తల వంచి దీవెన తీసుకుంటాం. అదే మన పదిహేనేళ్ల కొడుకు అద్దం ముందు అక్క చున్నీ వేసుకుని నిలబడితే మాత్రం చెయ్యి బెల్టు మీదికి పోతుంది. సిగ్నల్ దగ్గరి మనిషి కూడా ఒకప్పుడు ఎవరో ఒకరి ఇంటి బిడ్డేనని ఆ క్షణాన గుర్తు రాదు.

నిజాం కాలంలో, 1919లో, మన హైదరాబాదులో ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించాలని, ఆడబట్టలతో వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చని, పదహారేళ్ల లోపు మగపిల్లవాణ్ణి దగ్గర ఉంచుకుంటే శిక్ష అని అందులో రాశారు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. కాగితం మీది చట్టం పోయింది కానీ, ‘మావాణ్ణి ఎవరో చెడగొట్టారు’ అన్న అనుమానం మన ఇళ్లలో అలాగే ఉంది. నిజానికి హిజ్రాలు ఎవరో ఎత్తుకుపోయిన పిల్లలు కారు. ఇంట్లో నిలవలేక బయటపడ్డవాళ్లే ఎక్కువ.

ఒక ఇల్లు ఊహించుకోండి. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు తండ్రి. పదో తరగతి కూతురు తలుపు పట్టుకుని నిలబడి, “నాన్నా, నాకు అబ్బాయిలంటే ఏమనిపిస్తలేదు. మా క్లాసు అమ్మాయంటేనే ఇష్టమనిపిస్తుంది” అంది. ఆ మాట నోటిదాకా రావడానికి ఆ పిల్లకు ఎన్ని రాత్రులు పట్టిందో!

ఆయనకు గుండె దడ పుట్టొచ్చు, కోపమూ రావొచ్చు. వచ్చినా తప్పులేదు. నోట్లోంచి ముందు రావాల్సింది మాత్రం ఇది: “నాకు చెప్పి మంచిగ చేసినవ్ బిడ్డా. పా, అన్నం తిందాం.” ఆ పూటకు అంతే చాలు. ‘ఎవరు నేర్పిండ్రు, ఎప్పటిసంది’ అన్న విచారణ వద్దు. ‘ఇంతకీ నువ్వు ఏంది, తేల్చి చెప్పు’ అన్న నిలదీత అసలే వద్దు. ఆమెకే ఇంకా తేలలేదు. రేపు ఇదే మాట మీద నిలబడొచ్చు, ఇంకో మాట దొరకొచ్చు. తొందరేముంది? మేనమామకు, నాయనమ్మకు చెప్పాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. అడక్కుండా చెప్పేస్తే మళ్లీ మన దగ్గర నోరు విప్పదు.

ఇది మెత్తటి మనసుల మాట మాత్రమే కాదు. అమెరికాలో కైట్లిన్ ర్యాన్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్న యువతను అడిగి చూస్తే, ఇంట్లో తీవ్రంగా తిరస్కారానికి గురైనవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు, తిరస్కారం లేనివాళ్లకంటే, కొద్దిగానే ఎదురైనవాళ్లకంటే 8.4 రెట్లు ఎక్కువ. అక్కడ తిరస్కారమంటే కొట్టడం ఒక్కటే కాదు. ఆ స్నేహితురాలితో తిరగొద్దనడం, ఇంటి పరువు పేరెత్తడం కూడా అందులోకే వస్తాయి. అలాంటి తల్లిదండ్రుల్లో చాలామంది బిడ్డ మంచికోసమే అలా చేస్తున్నామనుకుంటారు. మనమూ అంతే. ఫోన్ లాక్కుంటాం, ట్యూషన్ మాన్పిస్తాం, పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటాం.

‘డాక్టర్‌కి చూపిస్తే?’ అంటారు. చూపించండి, మార్చడానికి కాదు, మనసులో బరువు దించడానికి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: “మా పాపను మారుస్తారా?” ‘మారుస్తా, ఇన్ని సిట్టింగులు’ అన్నవాడి గుమ్మం తొక్కకండి. అలా ‘మార్చే’ చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది. తాయెత్తు కట్టేవాడికీ అదే జవాబు. బిడ్డ తిండి మానేసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, ‘నేను లేకుంటే మీకు హాయి’ అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంటివాళ్లు ఎంత గట్టిగా నిలబడ్డా వీధి కూల్చేయగలదు. కాబట్టి ఇది మనందరి పని. స్కూల్లో ‘తేడాగాడు’ అన్న మాట వినపడితే క్లాసు ఆపండి టీచర్లూ. పిల్లవాడు మీతో చెప్పుకున్నది అతన్ని అడక్కుండా ఇంటికి చేరవేయకండి. అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఇలాంటి పిల్ల గురించి గుసగుస మొదలైతే అక్కడే తుంచండి. ఇలాంటివాళ్లను ఎగతాళి చేసే మన సినిమా కామెడీకి పగలబడి నవ్వేటప్పుడు పక్క కుర్చీలో మన బిడ్డ నవ్వుతోందో లేదో ఒకసారి చూడండి.

ఇంట్లోంచి గెంటేస్తారేమోనని వణుకుతున్న పక్కింటి బిడ్డకు మీరే పిన్ని, మీరే బాబాయి. ఆ రాత్రి మీ తలుపు తట్టితే తెరవండి, ఒక చాప పరవండి, తెల్లారాక, ఆ బిడ్డ సరేనంటే, వాళ్ల నాన్నతో మీరే వెళ్లి మాట్లాడండి.